కువైట్ నుంచి వచ్చిన సొమ్ము: పంపినవారు మీకు ఏమవుతారు?

కోవూరులో నాలుగెకరాల వరి మీద బతికే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కొడుకు కువైట్‌లో ఎలక్ట్రీషియన్. నెలనెలా అమ్మ ఖాతాలో 40,000 రూపాయలు వేస్తాడు. ఏడాది తిరిగేసరికి అది 4,80,000 అవుతుంది. పాస్‌బుక్కులో అంత సొమ్ము కనిపిస్తుంటే ఇన్‌కంట్యాక్స్ వాళ్లు వచ్చి అడుగుతారేమోనని ఆ తల్లికి దిగులు.

ఆ దిగులు అక్కర్లేదు. కొడుకు ఏడాదిలో చాలాభాగం అక్కడే ఉండి పనిచేస్తున్నాడు కాబట్టి మన పన్ను చట్టం లెక్కలో నాన్ రెసిడెంట్. కువైట్‌లో సంపాదించి, అక్కడే అందుకున్న జీతం మీద మన దేశానికి పన్ను కట్టనక్కర్లేదు. ఇక తల్లి చేతికొచ్చిన సొమ్ము ఆమె కష్టానికి కూలీ కాదు, ఆమె అమ్మిన సరుకు ధర కాదు. కొడుకు ఇష్టంగా ఇచ్చిన బహుమతి. దగ్గరి బంధువు ఇచ్చే బహుమతికి మన చట్టంలో పరిమితి లేదు. నలభై వేలైనా, నలభై లక్షలైనా అది ఆమె ఆదాయంలో కలవదు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. 1958లో బహుమతి పన్ను చట్టం వచ్చింది. దాని కింద పన్ను కట్టాల్సింది ఇచ్చినవారు. 1998 అక్టోబరు 1 నుంచి ఇచ్చే బహుమతుల మీద ఆ పన్ను ఎత్తేశారు. దాంతో నల్లడబ్బును బహుమతిగా చూపించుకునే దారి తెరుచుకుంది. 2004లో ప్రభుత్వం మళ్లీ పన్ను పెట్టింది, కానీ ఈసారి పుచ్చుకున్నవారి మీద, అదీ బంధువులు కానివారు ఇచ్చినప్పుడు మాత్రమే. 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది సెక్షన్ 56(2)(x)గా స్థిరపడింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి గాని, ఈ సూత్రం మారలేదు.

అసలు చిక్కంతా బంధువు ఎవరన్న దగ్గర ఉంది. మన ఇళ్లలో బంధుత్వం పందిరికి అల్లుకున్న తీగలా సాగుతుంది, చట్టం మాత్రం ఒక జాబితా రాసి పెట్టుకుంది. భార్య లేదా భర్త, తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు, అమ్మానాన్నలు, తాతముత్తాతలు, పిల్లలు, మనవలు, భార్య లేదా భర్త వైపు అమ్మానాన్నలు, తాతముత్తాతలు, పిల్లలు, వీళ్లందరి జీవిత భాగస్వాములు. అల్లుడు మామగారికి పంపినా, బావమరిది బావకు పంపినా, తోడల్లుడు తోడల్లుడికి పంపినా పన్ను లేదు. పెదనాన్న కొడుకు, మేనమామ కొడుకు మాత్రం ఈ జాబితాలో లేరు. పెదనాన్న కొడుకును మనం అన్న అనే పిలుస్తాం, ఒకే కంచంలో తిని పెరిగి ఉంటాం. అయినా పన్ను లెక్కలో అతను పరాయివాడే.

ఇంతకంటే చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఈ జాబితాను పుచ్చుకునేవారి వైపు నుంచి చదవాలి. బాబాయి అబ్బాయికి ఇస్తే, ఆ అబ్బాయికి బాబాయి "తండ్రి తోబుట్టువు", జాబితాలో ఉన్నాడు. అదే అబ్బాయి కువైట్ వెళ్లి బాబాయికి పంపితే, బాబాయికి అతను "అన్న కొడుకు". అన్న కొడుకు అనే మాట జాబితాలో ఎక్కడా లేదు. మేనమామకూ మేనల్లుడికీ అంతే. చదివించిన మేనమామ రుణం తీర్చుకుందామని మేనల్లుడు పంపే సొమ్మును కూడా చట్టం పరాయివాడి సొమ్ముగానే చూస్తుంది. మన సమాజంలో ఉపకారం తిరిగి వెళ్లే దారికే ఈ జాబితా అడ్డం పడుతోంది. దీన్ని సవరించాలన్నది నా అభిప్రాయం.

దీని దెబ్బ ఎలా ఉంటుందో మన ఉదాహరణలోనే చూద్దాం. బాబాయికి కోవూరులో ధాన్యం వ్యాపారం. 2025-26లో ఆయన నికరాదాయం 11,50,000. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి ఆయన కట్టాల్సింది సున్నా. ఇంటి శ్లాబు మరమ్మతుకని కువైట్ అబ్బాయి 1,50,000 పంపాడు. బంధువులు కానివారందరి నుంచి ఏడాదిలో వచ్చినది మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం మీద కాదు, మొత్తం సొమ్ము మీదా పన్ను లెక్క వేస్తారు. అంటే లక్షన్నరా ఆదాయంలో కలిసి 13,00,000 అయింది. రిబేటు పోయింది. శ్లాబుల ప్రకారం 75,000, దాని మీద 4 శాతం సెస్సు 3,000, కలిపి 78,000 రూపాయలు కట్టాలి. వచ్చిన లక్షన్నరలో సగానికి పైగా పన్నుకే పోయింది.

బాబాయికి వ్యవసాయం తప్ప వేరే ఆదాయం లేకపోతే కథ వేరు. ఆ లక్షన్నర ఆదాయంగా లెక్కకొచ్చినా, నాలుగు లక్షల కనీస పరిమితి లోపే ఉంటుంది కాబట్టి పైసా కట్టనక్కర్లేదు. అబ్బాయి అదే సొమ్మును నాన్నకు పంపి, నాన్న తన ఇష్టంతో తమ్ముడికి ఇస్తే అది అన్నదమ్ముల మధ్య బహుమతి, పన్ను ఉండదు. అయితే నాన్న ఇచ్చింది నిజంగా నాన్న నిర్ణయమే అయ్యుండాలి. సొమ్ము ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోతే అది తండ్రి బహుమతి కాదు, కొడుకు బహుమతే అని అధికారి వాదించవచ్చు. తిరిగి తీర్చాల్సిన అప్పుగా తీసుకుంటే అది బహుమతే కాదు. అందుకు కాగితం రాసుకోవాలి, బ్యాంకు ద్వారా తీసుకోవాలి, నిజంగా తీర్చాలి.

భార్యకు పంపే సొమ్ములో మరో మడత ఉంది. భర్త ఎంత పంపినా పన్ను లేదు. కానీ ఆమె అందులో 5 లక్షలు తన పేర ఫిక్సెడ్ డిపాజిట్ వేస్తే, ఏడు శాతం చొప్పున ఏడాదికి వచ్చే 35,000 వడ్డీ భర్త ఆదాయంలో కలుస్తుంది. కోడలి పేర మామగారు వేసినా ఇదే నియమం. తల్లికి పంపిన సొమ్ము మీద వడ్డీ మాత్రం తల్లి ఆదాయమే, కొడుక్కి సంబంధం లేదు. పొదుపు కోసమే అయితే భర్త తన పేరనే ఎన్ఆర్ఈ ఖాతాలో ఉంచుకోవడం మేలు. నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం అతనికి ఆ ఖాతా వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు.

ఇక రుజువు సంగతి. బ్యాంకులో సొమ్ము జమయ్యేటప్పుడు కుటుంబ పోషణకైతే P1301, వ్యక్తిగత బహుమతికైతే P1302 అని కోడ్ వేస్తారు. ఆ కోడ్ ఒక్కటే పన్నును తేల్చదు. నోటీసు వస్తే అధికారి అడిగేది మూడు విషయాలు: పంపింది ఎవరు, అతనికి అంత సంపాదన ఉందా, సొమ్ము నిజంగా అతని దగ్గర నుంచే వచ్చిందా. జీతం ఖాతా స్టేట్‌మెంట్, బతాకా నకలు, బంధుత్వం తెలిపే ఆధార్ లేదా రేషన్ కార్డు ఉంటే జవాబు సులువు. హుండీ మనిషి ఇంటికి తెచ్చిచ్చిన నోట్ల కట్టకు ఇవేవీ ఉండవు. కొడుకు పంపిందే అయినా అది లెక్క తెలియని సొమ్ముగా మిగిలిపోతుంది. విదేశీ మారకద్రవ్య చట్టం, 1999 ప్రకారం అది జరిమానా పడే ఉల్లంఘన కూడా. రూపాయో అర్ధరూపాయో ఎక్కువ రేటు వస్తుందని ఆ దారి పట్టకండి. బ్యాంకు ద్వారానే పంపమనండి. మీ అబ్బాయి తిరిగొచ్చాక కూడా ఆ రసీదుల్ని పారేయకుండా దాచిపెట్టుకోండి.