మధ్యలో మనిషిని తీసేస్తే మిగిలే చోటు

నిశ్చితార్థంలో తీసిన ఫోటో. వరసగా ఐదుగురు: అన్నయ్య, వదిన, మధ్యలో ఒక బంధువు, ఆ పక్కన చెల్లెలు, చివర బావగారు. ఇప్పుడు మధ్యలో ఉన్న బంధువును తీసేయాలి. ఆ చోట రంగేమీ నింపకుండా ఖాళీగా, పారదర్శకంగా వదిలి ఇవ్వమంటారు. ఆ రోజు రాలేకపోయిన అమెరికా తమ్ముణ్ణి తర్వాత అందులో పెట్టాలనో, ఫోటో మొత్తాన్ని ఆల్బమ్ డిజైన్ మీద పరవాలనో, మిగతా నలుగురినీ దగ్గరికి జరపాలనో వాళ్ల ఆలోచన. స్టూడియోల్లో డిజైన్ చేసేవాళ్లకు ఇలాంటి పని తరచూ వస్తుంటుంది. మనిషిని కత్తిరించడం ఇప్పుడు పెద్ద కష్టమేం కాదు. కత్తిరించాక మిగిలిన నలుగురి మధ్య దూరం కంటికి ఎలా కనిపిస్తుందన్న దగ్గరే అసలు పని మొదలవుతుంది.

ముందు ఆ ఖాళీ సంగతి చూద్దాం. మామూలు ఫోటో ఫైల్‌లో ప్రతి చుక్కకూ ఒక రంగు ఉంటుంది, అంతే. అక్కడ ఏమీ లేదు అని చెప్పాలంటే రంగుతో పాటు ఇంకో విలువ కూడా కావాలి. దాన్ని ఆల్ఫా ఛానల్ అంటారు. కెమెరా ఇచ్చే జేపీజీ ఫైల్‌కు ఆ సదుపాయం లేదు. అందుకే జింప్‌లో ఫోటో తెరిచి, మనిషి చుట్టూ గీత గీసి డిలీట్ నొక్కితే ఆ చోట తెలుపో, అప్పుడు ఎంచుకుని ఉన్న మరో రంగో వచ్చి కూర్చుంటుంది. `Layer > Transparency > Add Alpha Channel` అన్నది ముందే నొక్కి ఉంటే బూడిదరంగు గళ్లు కనిపిస్తాయి. ఆ గళ్లు ఫోటోలో భాగం కావు, అక్కడ ఏమీ లేదని చెప్పే గుర్తు మాత్రమే. ఫోటోషాప్‌లోనైతే తాళం వేసి ఉన్న బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌ను మామూలు లేయర్‌గా మార్చి, మనిషిని సెలెక్ట్ చేసి `Layer > Layer Mask > Hide Selection` ఇవ్వడం మంచిది. మాస్క్ దేన్నీ చెరిపేయదు, దాచి ఉంచుతుంది. రేపు వదిన చేతిగాజులు కూడా పోయాయని తెలిసినప్పుడు మాస్క్ మీద తెల్లరంగు పూస్తే అవి తిరిగి వస్తాయి.

పని అయ్యాక పీఎన్‌జీగా సేవ్ చేయాలి. దాన్ని వాట్సాప్‌లో ఫోటోగా పంపితే దారిలోనే జేపీజీ అయిపోయి, అందుకున్నవాళ్ల ఫోన్‌లో ఆ ఖాళీ తెల్లగానో నల్లగానో తేలుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

గీత ఎక్కడ గీయాలన్నది చాలామంది తారుమారు చేసే విషయం. ఒక మనిషిని ఉంచుకుని బ్యాక్‌గ్రౌండ్‌ను తీసేసేటప్పుడు గీత ఆ మనిషి అంచుకు కొంచెం లోపలగా పోవాలని నేర్చుకుని ఉంటారు. ఇక్కడ ఉండిపోయేది పక్కవాళ్లు. ఇద్దరి బట్టలు కలిసే అంచున ఒకటి రెండు పిక్సెళ్ల మేర రెండు రంగులూ కలిసిపోయి ఉంటాయి. గీతను తీసేసే మనిషి లోపలే ఆపేస్తే, అతని నీలం చొక్కా సన్నటి జరీ అంచులా వదిన చీర పక్కన మిగిలిపోతుంది. తెల్లటి డిజైన్ మీద ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే గీతను వదిన వైపుకు ఒకటి రెండు పిక్సెళ్లు జరిపి గీయాలి. వదిన చీరలో ఆ కొంచెం పోయినా ఎవరికీ తెలియదు. సరిచూడటానికి ఒక పద్ధతి ఉంది. కింద ఒకసారి నల్లరంగు లేయరు, ఇంకోసారి ముదురు ఎరుపు లేయరు పెట్టి చూస్తే గళ్ల మీద కనబడని మరకలన్నీ బయటపడతాయి.

మిగిలిపోయేవి ఇంకా ఉంటాయి. బంధువు చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి ఉంటే, మనిషి పోయినా నాలుగు వేళ్లు ఆ భుజం మీదే ఉంటాయి. ఫ్లాష్ పక్కనుంచి పడితే అతని నీడ బావగారి చొక్కా మీదో వెనక గోడ మీదో ఉండిపోతుంది. ఆకారాన్ని మాత్రమే వెతికే సెలెక్షన్‌కు నీడ కూడా అతనిదేనని తెలియదు.

ఇప్పుడు దూరం. 1923లో జర్మన్ మనస్తత్వవేత్త మాక్స్ వెర్టైమర్ వరసగా చుక్కలు పెట్టి ఒక విషయం చూపించాడు. చుక్కల మధ్య దూరం సమానంగా ఉంటే వరసంతా ఒకటిగా కనబడుతుంది. కొన్ని దూరాలు ఎక్కువ, కొన్ని తక్కువ అయితే దగ్గరదగ్గరగా ఉన్నవి జట్లుగా విడిపోతాయి. ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు, కన్ను తనంతట తానే విడదీస్తుంది. గ్రూప్ ఫోటోలో ఆ చుక్కలు తలలు. మధ్య మనిషి పోగానే అక్కడి దూరం రెట్టింపు అవుతుంది. ఐదుగురి కుటుంబం కాస్తా రెండు జంటలైపోతుంది: ఇటు అన్నావదినలు, అటు చెల్లెలూ బావగారూ, మధ్యలో ఏదో తగవు ఉన్నట్టు. దానికి తోడు మొదట అందరూ మధ్యకు కాస్త ఒరిగి నిలబడి ఉంటారు కనుక, ఆ ఒరుగు ఇప్పుడు ఎవరూ లేని చోటు వైపుకు ఉంటుంది.

ఖాళీని అలాగే ఉంచితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వెనకున్న కర్టెన్‌ను ఉంచి మనిషిని మాత్రమే తీస్తే, పోయింది మనిషేనని ఆ రంధ్రం ఆకారమే చెబుతుంది. తల, మెడ, భుజాలు అన్నీ పోల్చుకోవచ్చు. కర్టెన్‌ను కూడా తీసేస్తే తల ఆకారం మాయమవుతుంది గానీ, అతను ముందు నిలబడి ఉంటే వదిన చేతినీ చెల్లెలి చేతినీ కొరికినట్టు వంపులు తేలతాయి. అతను అడ్డుగా ఉన్నంత మేర వాళ్ల శరీరం కెమెరాకు ఎప్పుడూ కనబడలేదు. లేనిదాన్ని ఏ మాస్క్ తిరిగి తేలేదు.

దీన్ని అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు అనుకుందాం. తలలు 1000, 2000, 3000, 4000, 5000 దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరి భుజాల వెడల్పు 1200. అంటే పక్కపక్కవాళ్ల భుజాలు 200 పిక్సెళ్ల మేర ఒకరి వెనక ఒకరివి ఉన్నాయి. వదిన 1400 నుంచి 2600 వరకు, బంధువు 2400 నుంచి 3600 వరకు, చెల్లెలు 3400 నుంచి 4600 వరకు. ఇతణ్ణి తీసేసి చెల్లెల్నీ బావగారినీ ఎడమకు 1000 పిక్సెళ్లు జరిపితే తలల దూరం మళ్లీ సమానమవ్వాలి.

అతను ఇద్దరికీ వెనక నిలబడి ఉంటే అంతా సవ్యంగా జరిగిపోతుంది. వదిన, చెల్లెలు ఇద్దరి భుజాలూ పూర్తిగా ఉన్నాయి. జరిపాక చెల్లెలి భుజం 2400 దగ్గర మొదలై వదిన భుజంతో 200 పిక్సెళ్ల మేర కలుస్తుంది. మొదట్నుంచీ వాళ్లిద్దరూ పక్కపక్కనే నిలబడినట్టు ఉంటుంది. అతను వదినకు వెనక, చెల్లెలికి ముందు ఉన్నా ఫర్వాలేదు. చెల్లెలి భుజం 3600 నుంచే కనబడుతుంది గనుక జరిపాక అది సరిగ్గా 2600 దగ్గర మొదలవుతుంది. వదిన భుజం ముగిసేదీ అక్కడే. వదిన లేయరును పైన ఉంచి, ఇంకో పదిహేను ఇరవై పిక్సెళ్లు ఎక్కువ జరిపితే అతుకు కనబడదు.

చిక్కు వచ్చేది అతను ఇద్దరికీ ముందు నిలబడినప్పుడు. వదిన 2400 దగ్గర ఆగిపోతుంది, చెల్లెలు 1000 జరిగాక 2600 దగ్గర మొదలవుతుంది. తలల దూరం లెక్క ప్రకారం బాగానే ఉన్నా, భుజాల మధ్య 200 పిక్సెళ్ల చీలిక మిగిలింది. దాన్ని మూయాలని 1200 జరిపితే తలలు 1000, 2000, 2800, 3800 దగ్గరికి వస్తాయి. వెర్టైమర్ చూపించినదే ఈసారి తిరగబడి ఎదురవుతుంది. వదిన, చెల్లెలు మధ్యలో ఒక జట్టుగా ఇరుక్కుని, వాళ్ల భర్తలు చెరోవైపూ దూరంగా ఉండిపోయినట్టు కనబడుతుంది. ఇలాంటప్పుడు దూరాలను సమానంగానే ఉంచి, ఆ చీలిక మేరకు వదిన చీరను పక్కనున్న బట్టలోంచి క్లోన్ చేసి కప్పడమే మేలు. చీర మడతలు, కుచ్చిళ్లు ఉన్న చోట ఇది కుదురుతుంది. పెద్ద అంచు, గళ్ల డిజైన్ ఉన్న చోట దొరికిపోతుంది.

కాబట్టి ఫోటో చేతికి రాగానే మొదట చూడాల్సింది ఎవరి భుజం ఎవరి ముందు ఉందన్నదే. దాన్ని బట్టి ఖాళీ మూసుకుంటుందో లేదో కత్తిరించకముందే చెప్పవచ్చు.

జరిపేటప్పుడు తలల మధ్య ఉన్న కర్టెన్‌ను కూడా చూసుకోవాలి. అతుకును తిన్నగా పై నుంచి కిందికి కొట్టకుండా ఒక మడత నీడ వెంట దించితే కలిసిపోతుంది. నేల మీద టైల్స్ ఉంటే వాటి గీతలు కలవకపోవచ్చు. గది చిన్నదై వైడ్ లెన్స్‌తో తీసిన ఫోటోలో చివరివాళ్ల మొహాలు కొంచెం సాగి ఉంటాయి. అంచున ఉన్నంతవరకు ఎవరూ గమనించని ఆ సాగుడు, బావగారు లోపలికి జరిగాక తెలిసిపోతుంది.

చివర నిలబడినవాణ్ణి తీసేయడం వీటన్నిటికంటే తేలిక. సోవియట్ కాలపు ఫోటో ఒకటి దీనికి పేరుమోసిన ఉదాహరణ. 1937లో మాస్కో-వోల్గా కాలువ గట్టున వోరోషిలోవ్, మొలొటోవ్, స్టాలిన్, రహస్య పోలీసు అధిపతి నికొలాయ్ యెజోవ్ నడుస్తూ కనబడతారు. కుడి చివర, నీళ్ల వైపున ఉన్నది యెజోవ్. అతణ్ణి 1940లో కాల్చి చంపాక ఫోటోలోంచి కూడా తీసేసి, ఆ చోట కాలువ నీళ్లు వేశారు. అటుపక్క ఇంకెవరూ లేరు గనుక కలపాల్సిన భుజం లేదు, సరిచేయాల్సిన వరసా లేదు. మిగిలిన ముగ్గురి మధ్య దూరం మారలేదు. అసలు ఫోటో పక్కన పెట్టి చూసినప్పుడే, మనుషులంతా ఎడమకు సర్దుకుని కుడివైపు నీళ్లు అంత చోటు ఎందుకు తీసుకున్నాయో తెలుస్తుంది.

ఖాళీని మూయకుండా వదిలేసిన చిత్రం అంతకంటే ఎంతో పాతది. బెర్లిన్‌లో భద్రపరిచిన ఒక గుండ్రటి చెక్క మీద రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్, అతని భార్య జూలియా డొమ్నా, వాళ్ల ఇద్దరు కొడుకుల బొమ్మ ఉంది. సుమారు క్రీ.శ. 200 నాటిది. 211లో చిన్నవాడు గెటాను అన్న కారకల్లా చంపించాక, అతని గుర్తులన్నీ చెరిపేయమని ఆజ్ఞ వెళ్లింది. ఈ బొమ్మలో ఒక కొడుకు ముఖాన్ని గీకేశారు, చుట్టూ ఉన్నవాళ్లను ఎవరూ జరపలేదు. అది గెటాదేనని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. అమ్మానాన్నలు పైన, అన్న పక్కన, తమతమ చోట్లలోనే ఉన్నారు. నలుగురికి సరిపోయేలా కూర్చిన వరస అలాగే ఉంది గనుక చూసేవాళ్ల చూపు నేరుగా ఆ గీకిన చోటికే పోతుంది.