ఎనిమిది బొమ్మల్లో కొంగ

యానిమేషన్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లను ఎగిరే పక్షిని గీయమంటే ముందు రెండు బొమ్మలు గీస్తారు. ఒకదాంట్లో రెక్కలు పైకి, ఇంకోదాంట్లో కిందికి. ఆ రెంటి మధ్యా నాలుగైదు బొమ్మలు నింపి ఆడించి చూస్తారు. రెక్కలు కదులుతాయి గానీ పక్షి ఎగరదు. గీతలో లోపం ఉండదు, లేనిదల్లా గాలి. గాలి కంటికి కనబడదు కాబట్టి దాన్ని నేరుగా గీయలేం. గాలి అడ్డుపడినందుకు ఈకలు ఎంత వెనకబడ్డాయో, గాలిని నొక్కినందుకు ఒళ్లు ఎంత పైకి లేచిందో గీస్తేనే అక్కడ గాలి ఉందని చూసేవాళ్లకు తెలుస్తుంది.

ఇది నేర్చుకోవడానికి పెద్ద తెల్లకొంగను మించిన పక్షి లేదు. వెడల్పాటి రెక్కలు, నిదానమైన ఊపు. పొలం మీదుగా పోతుంటే ప్రతి మలుపూ కంటికి అందుతుంది. అది సెకనుకు రెండుసార్లకు కాస్త అటూ ఇటూగా రెక్కలాడిస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. ఆ లెక్కన ఒక్క రెక్కల ఊపుకి ఆరు బొమ్మలు రావాలి. నేనైతే ఎనిమిది ఇస్తాను. అంటే 16 ఫ్రేములు, సెకనులో మూడింట రెండు వంతులు. నిజం కొంగ కన్నా ఇది నెమ్మదే. అయినా తెరమీద ఆ నెమ్మదివల్లే పక్షి పెద్దదిగా, రెక్క బరువైనదిగా అనిపిస్తుంది.

రెక్కను ఒకే పలకగా కాకుండా చెయ్యిగా చూడాలి. దానికీ భుజం, మోచేయి, మణికట్టు ఉన్నాయి. పొడవాటి చివరి ఈకలు మణికట్టు దాటాక మొదలవుతాయి. ఇక బొమ్మలకు అంకెలు వేద్దాం. భుజం నుంచి మోచేతి దాకా ఉన్న భాగం పూర్తిగా పైకి చేరిన బొమ్మ ఒకటోది. అదే భాగం పూర్తిగా కిందికి దిగిన బొమ్మ ఆరోది. దిగడానికి అయిదు అడుగులు, ఎక్కడానికి మూడే. ఈ తేడా కావాలనే పెట్టాలి. దిగేటప్పుడు రెక్క విప్పారి గాలిని నొక్కుతుంది, ఆ బరువు వేగాన్ని ఆపుతుంది. ఎక్కేటప్పుడు మణికట్టు దగ్గర మడుచుకుని, గాలికి తక్కువ తగిలేలా చేసుకుని పైకి జారుతుంది. పడవవాడు తెడ్డును వెడల్పుగా నీళ్లలో లాగి, అంచువైపు తిప్పి వెనక్కి తెచ్చుకున్నట్టే ఇదీ. పక్షి ఛాతీలో రెక్కను దించే కండరం చాలా పెద్దది, ఎత్తే కండరం దాంతో పోలిస్తే చిన్నది. కారణం ఇదే.

రెక్క కొన నిట్టనిలువుగా కిందికీ పైకీ పోదు. పక్కనుంచి చూస్తే ముందుకు వంగుతూ దిగుతుంది, వెనక్కి జరుగుతూ ఎక్కుతుంది. ఎనిమిది బొమ్మల్లోనూ కొన ఎక్కడుందో వేరే కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే ఒరిగిన కోడిగుడ్డు ఆకారమో, సన్నపాటి ఎనిమిది అంకో రావాలి. పైనా కిందా మలుపుల దగ్గర చుక్కలు దగ్గరదగ్గరగా, మధ్యలో దూరదూరంగా పడాలి. కొత్తవాళ్ల చుక్కలు తరచూ సరళరేఖ మీద పడతాయి. రెండు బొమ్మలకు సరిగ్గా మధ్య ఏముంటుందని కొలిచి గీయడమే అందుకు కారణం. వంపు మీద పోవలసిన కొన అడ్డదారిన పోయేసరికి మధ్య బొమ్మలో రెక్క పొట్టిదైపోతుంది. ఆడించినప్పుడు రెక్క సాగుతూ ముడుచుకుంటూ కనిపిస్తే తప్పు ఇక్కడే ఉందని పట్టుకోవచ్చు.

ఈ దారిని బొమ్మలు గీసేవాళ్ల కన్నా ముందు శరీరశాస్త్రవేత్తలు వెతికారు. ఫ్రాన్సుకు చెందిన ఎతియెన్ జూల్ మరే 1882లో తుపాకి ఆకారంలో కెమెరా తయారుచేసి ఎగిరే పక్షుల్ని సెకనుకు 12 ఫొటోలు తీశాడు. రెండు ఫ్రేములకో బొమ్మ గీసే మన లెక్కా అదే పన్నెండు. 1887లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వెలువరించిన ‘యానిమల్ లోకోమోషన్’లోనూ పక్షుల ఫొటోల వరసలున్నాయి. పక్షిని గీసేవాళ్లు ఇప్పటికీ వాటిని ముందు పెట్టుకుంటారు.

ఇప్పుడు రెండో బొమ్మను దగ్గరగా చూడాలి. ఇందులో భుజం అప్పటికే కిందికి బయల్దేరింది. మోచేయి దాని వెంట ఉంది. మణికట్టు ఇంకా పైనే. చివరి ఈకల కొనలైతే పైకే పోతున్నాయి, ఒకటో బొమ్మలో కన్నా కాస్త ఎత్తులో ఉన్నాయి. మూడో బొమ్మకు మణికట్టు కూడా దిగుతుంది, కొనలు మాత్రం పైకి వంగి గాలిలో ఈడ్చుకుంటూ వస్తాయి. ఏడో బొమ్మలో ఇదంతా తిరగబడుతుంది. భుజం పైకి లేస్తోంది, మణికట్టు మడతపడింది, ఈకలు కిందికి వేలాడుతున్నాయి. కొనలు అన్నిటికన్నా కిందికి చేరేది ఆరో బొమ్మలో కాదు, ఈ ఏడోదాంట్లో.

అందుకే నేను ఒకటే పరీక్ష పెడతాను. ఎనిమిదింటిలో ఏదో ఒక బొమ్మ తీసి ఎవరికైనా చూపించాలి. రెక్క దిగుతోందో ఎక్కుతోందో వాళ్లు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఈకల ఆలస్యం సరిపోలేదన్నమాట. పని తగ్గుతుందని దిగే బొమ్మల్నే వెనక్కి తిప్పి ఎక్కడానికి వాడే అలవాటొకటి ఉంది. ఎక్కేటప్పుడు కూడా ఈకలు పైకే వంగి ఉంటాయి కాబట్టి ఆ పక్షి ఈ పరీక్షలో నిలవదు.

రెక్క కొన దారి, ఈకల ఆలస్యం అయ్యాక మూడోది ఒంటి ఊపు. రెక్క దిగితే ఒళ్లు లేస్తుంది, రెక్క లేస్తే ఒళ్లు దిగుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఎప్పుడన్నదే అసలు ప్రశ్న. రెక్క దిగడం మొదలైన క్షణానే ఒళ్లు లేవదు. అప్పటిదాకా కిందికి జారుతున్న ఒంటిని ముందు ఆపాలి, ఆ తర్వాతే ఎత్తాలి. కాబట్టి ఒళ్లు అన్నిటికన్నా కింద ఉండే బొమ్మ ఒకటోది కాదు, రెండోది. అన్నిటికన్నా పైన ఉండేది ఆరోది కాదు, ఏడోది. ఈ ఒక్క బొమ్మ ఆలస్యం లేకపోతే ఒళ్లూ రెక్కా ఒకే మీట నొక్కినట్టు ఆడతాయి. ఊపు ఎంతుండాలంటే కొంగ ఒంటి మందంలో నాలుగో వంతు చాలు. అంతకు మించితే పక్షి గెంతుతుంది.

తల మాత్రం అంత ఊగకూడదు. కొంగ ఎగిరేటప్పుడు మెడను వంకీలా మడుచుకుంటుంది, ఒంటి కుదుపును ఆ వంకీ మింగేస్తుంది. ఒళ్లు లేచినప్పుడు వంకీ కాస్త బిగుసుకోవాలి, దిగినప్పుడు కాస్త సడలాలి, కన్ను దాదాపు ఒకే గీత మీద సాగిపోవాలి. వెనక్కి చాచిన కాళ్లు ఒంటి వెనక మరో బొమ్మ ఆలస్యంగా ఊగితే చాలు.

ఎనిమిదో బొమ్మ తర్వాత మళ్లీ ఒకటోదే వస్తుంది. చివర తొమ్మిదోదిగా ఒకటో బొమ్మను ఇంకోసారి చేర్చితే అది రెట్టింపు సేపు నిలిచిపోయి, ప్రతి చుట్టులోనూ రెక్క పైకి చేరినప్పుడల్లా తట్టుకున్నట్టు ఆగుతుంది.

పక్షి మారితే అంకెలూ మారతాయి. కాకి సెకనుకు నాలుగుసార్లు రెక్కలాడించిందనుకుంటే ఒక ఊపుకి దొరికేది ఆరు ఫ్రేములే. రెండేసి ఫ్రేములు నిలిపితే మూడే బొమ్మలు, మూడు చుక్కల్లో వంపు కనిపించదు. కాబట్టి ఫ్రేముకో బొమ్మ గీయాల్సిందే. పిచ్చుక సెకనుకు పన్నెండుసార్లకు పైనే ఆడిస్తుంది. అక్కడ ఈకల ఆలస్యం గీసే జాగాయే ఉండదు, పైకొకటి కిందికొకటి గీసి రెక్కను చెదిరిన మరకలా వదిలేయడం మేలు.

కొంగ చెరువు దగ్గరికి వచ్చి రెక్కలు ఆడించడం ఆపి తేలుతూ దిగాలంటే చుట్టును ఎక్కడపడితే అక్కడ తెంచకూడదు. ఎనిమిదో బొమ్మ దగ్గర తెంచితే రెక్క మడిచి ఉంటుంది, పక్షి చచ్చుబడి రాలినట్టుంటుంది. మూడోదో నాలుగోదో దగ్గర, రెక్క విప్పారి గాలి మీద ఆనిన చోట బయటికి రావాలి. అక్కణ్నుంచి భుజం ముందు నిలుస్తుంది, తర్వాతి బొమ్మలో మణికట్టు, ఆ తర్వాతి బొమ్మలో ఈకల కొనలు.