టేపులోని మాట పేజీ మీదికి

మనకు తెలియని మన చరిత్ర పుస్తకం 1986లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల ఇంటర్వ్యూలే దానికి ఆధారం. ఇలాంటి పనిలో రికార్డు చేసిన మాటను చదివించే వచనంగా మలచడమే కష్టం.

ఊహకు ఒక చేనేత వృద్ధుణ్ణి తీసుకుందాం. టేపులో ఇలా ఉంది: "మా నాయన... నాయన కాదులే, తాత, ఆయన మగ్గం, అదే, గుంట మగ్గం, వరదొచ్చిన ఏడు మునిగిపోయిందండీ. పోయింది, అంతా పోయింది. యాభై ఏళ్లయిందనుకుంటా."

తొందరపడే ఎడిటర్ "యాభై ఏళ్ల క్రితం వరదల్లో మా తాతగారి మగ్గం ధ్వంసమైంది" అని రాస్తాడు. విషయం దాదాపు అదే, మనిషి మాత్రం మాయమయ్యాడు. పైగా "అనుకుంటా" ఎగిరిపోవడంతో ఆయన అంచనా కాస్తా నిజమైపోయింది. ఇది శైలి దోషం కాదు, అర్థ దోషం.

నేర్పరి ఇలా దిద్దుతాడు: "వరదొచ్చిన ఏడు మా తాత గుంట మగ్గం మునిగిపోయిందండీ. పోయింది, అంతా పోయింది. యాభై ఏళ్లయిందనుకుంటా."

నాయన అని తడబడి ఆయనే సరిదిద్దుకున్నాడు, అది తీసేయవచ్చు. "అదే" ఊతపదం. కానీ రెండోసారి వచ్చిన "పోయింది" ఊతపదం కాదు, దుఃఖం. ఈ తేడా కాగితం మీద తెలియదు, అందుకే దిద్దాక మళ్లీ టేపు వినాలి.