‘ఫలానా వ్యాపారానికి మాత్రమే’: షాపు అద్దె ఒప్పందంలో ఒక షరతు

షాపు అద్దె ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు, గడువులతో పాటు దాదాపు ప్రతిసారీ కనిపించే వాక్యం ఒకటుంది. ‘అద్దెదారు ఈ షాపును స్టేషనరీ, జిరాక్స్ వ్యాపారానికి మాత్రమే వాడుకోవాలి. ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా మరే వ్యాపారమూ చేయకూడదు.’ దీన్ని వినియోగ షరతు అనవచ్చు. సంతకాల రోజున బేరమంతా అద్దె మీదే నడుస్తుంది, దీన్నెవరూ పట్టించుకోరు. వ్యాపారం గిట్టక మరొకటి పెట్టాలనుకున్నప్పుడే దీని బరువు తెలుస్తుంది.

ఆ వాక్యం రాసుకోకపోయినా అద్దెదారుకు పూర్తి స్వేచ్ఛ ఉండదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108(ఓ) నిబంధన ప్రకారం, ఆస్తిని ఏ పనికి లీజుకిచ్చారో ఆ పనికే వాడాలి. తెలంగాణలో చిన్న అద్దెల షాపులకు వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా సూటిగా ఉంటుంది. ఓనరు రాతపూర్వక సమ్మతి లేకుండా భవనాన్ని వేరే పనికి వాడితే 10వ సెక్షన్ కింద ఖాళీ చేయించమని అడగవచ్చు. అయితే కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఈ చట్టం వర్తించదు. కాబట్టి ఈనాటి షాపుల్లో చాలావాటి తగాదాలు ఒప్పందంలోని రాత, ఆస్తి బదిలీ చట్టం, ఈ రెంటి మీదే తేలతాయి.

అసలు చిక్కు ‘వేరే పని’ అంటే ఏమిటన్న దగ్గర వస్తుంది. షాపుగా ఇచ్చినదాన్ని ఇంకో రకం షాపుగా నడిపితే పని మారినట్టేనా? సుప్రీంకోర్టు దీనికి ఒకే జవాబు ఇవ్వలేదు. 1988లో మోహన్‌లాల్ కేసులో విదేశీ మద్యం అమ్మకానికి తీసుకున్న షాపులో అద్దెదారు జనరల్ మర్చంట్ వ్యాపారం పెట్టాడు. వ్యాపారమనే భావన విస్తరిస్తోందని, డిపార్ట్‌మెంటల్ స్టోర్లు పెరుగుతున్నాయని గుర్తు చేస్తూ, దీన్ని పని మార్చడంగా చూడలేమని కోర్టు అంది. మరుసటి ఏడాది గురుదయాళ్ బత్రా కేసులోనూ, సైకిల్ రిపేరు షాపులో టీవీలు కూడా అమ్మినందుకు ఖాళీ చేయించలేమని తేల్చింది. ఇవి చదివి అద్దెదారులు ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ 1993లో దశరథ్ బాబూరావ్ సంగలే కేసులో చెరుకురసం వ్యాపారానికి తీసుకున్న చోట బట్టల వ్యాపారం పెట్టిన మహారాష్ట్ర అద్దెదారు ఓడిపోయాడు. దుకాణంగా తీసుకున్నచోట పిండిమర, నూనె గానుగ బిగించిన మరో కేసులోనూ తీర్పు ఓనరు వైపే వచ్చింది.

రాష్ట్రానికో అద్దె చట్టం, ఒప్పందానికో రాత ఉన్నప్పుడు తీర్పులు ఇలా చీలడంలో వింత లేదు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే కోర్టులు ముఖ్యంగా రెండు సంగతులు వెతుకుతాయని అర్థమవుతుంది. కొత్త వ్యాపారం వల్ల భవనానికి గానీ ఓనరుకు గానీ నష్టమో, ఇబ్బందో ఉందా అన్నది ఒకటి. ఒప్పందం ఆ షాపును ఒక్క వ్యాపారానికే కట్టేసిందా, లేక ఊరికే ‘వ్యాపారం నిమిత్తం’ అందా అన్నది రెండోది. సరుకు అమ్మేచోట ఇంకో సరుకు అమ్మడం ఒక రకం. సరుకు అమ్మేచోట మర తిప్పడం, పొయ్యి వెలిగించడం వేరే రకం. ‘మాత్రమే’ అని రాసి సంతకం పెట్టాక, తోటి అద్దెదారు గెలిచిన తీర్పును నమ్ముకుని ముందడుగు వేయడం తెలివైన పని కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాలేజీ ఎదుట మూడంతస్తుల భవనంలో కింది షట్టరు. నెలకు 30,000 అద్దె, ఐదేళ్ల రిజిస్టర్డ్ లీజు. పైన రాసిన స్టేషనరీ షరతే అందులో ఉంది. రెండేళ్లు గడిచేసరికి జిరాక్స్ గిరాకీ పడిపోయి, అద్దెదారు టిఫిన్ సెంటర్ పెడదామనుకున్నాడు. ఓనరు ఫోన్లో ‘చూద్దాంలే’ అన్నాడు. ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకుని అద్దెదారు వెనకగోడకు రంధ్రం కొట్టి పొగ గొట్టం బిగించాడు, గిన్నెలు కడిగే నీళ్లను వాననీటి పైపులో కలిపాడు. పై అంతస్తు డెంటల్ క్లినిక్‌లోకి పోపు ఘాటు చేరింది. నెల తిరక్కుండానే లాయరు నోటీసు వచ్చింది.

షరతు తప్పితే లీజు రద్దు చేసి షాపు వెనక్కి తీసుకోవచ్చని ఒప్పందంలోనే రాసి ఉంటేనే, 111(జి) కింద ఓనరు ఆ దారి పట్టగలడు. అప్పుడు కూడా ఉన్నపళంగా తాళం వేయడానికి లేదు. 114ఏ సెక్షన్ ప్రకారం, తప్పిన షరతు ఏమిటో నోటీసులో స్పష్టంగా చెప్పాలి, దిద్దుకోగల తప్పయితే దిద్దుకోమని కోరాలి. సహేతుకమైన గడువులో అద్దెదారు దిద్దుకోకపోతేనే దావా నిలుస్తుంది. ఆ గడువులో పొయ్యిలు తీసేసి, గోడ పూడ్చి, మళ్లీ జిరాక్స్ మెషీను పెట్టుకుంటే లీజు దక్కే అవకాశం బాగా ఉంటుంది. ఎదురు నోటీసులతో నెలలు గడిపే అద్దెదారులు ఈ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు.

ఓనర్లూ ఒకచోట దెబ్బ తింటారు. షరతు తప్పారని తెలిసి కూడా ఆ తర్వాతి నెలల అద్దె మామూలుగా తీసుకుంటే, 112వ సెక్షన్ కింద రద్దు హక్కును వదులుకున్నట్టు లెక్క. దావా వేశాక తీసుకునే అద్దెకు మాత్రం ఇది వర్తించదు. పదకొండు నెలల కాగితం మీద నడిచే షాపుల్లో ఈ గొడవంతా అరుదు. గడువు తీరితే పొడిగించనంటే చాలు. గడువు దాటినా నెలవారీగా సాగుతున్న అద్దె అయితే పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు.

కాబట్టి వ్యాపారం మార్చాలంటే గోడ ముట్టుకోకముందే ఉత్తరం రాయాలి. ‘టిఫిన్ సెంటర్ పెట్టుకుంటాను’ అంటే సరిపోదు. ఎన్ని సిలిండర్లు, పొగ ఎటు పోతుంది, మురుగునీళ్లు ఏ లైనులో కలుస్తాయి, కరెంటు లోడు ఎంత పెరుగుతుంది, ఎన్నింటికి తెరిచి ఎన్నింటికి మూస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఓనరు భయాలు చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతాయి. అనుమతిని సరైన కారణం లేకుండా కాదనకూడదని ఒప్పందంలో రాసుకుని ఉంటే అద్దెదారుకు పట్టు చిక్కుతుంది. అలా రాసుకోనిచోట ఓనరు కారణం చెప్పకుండానే కాదనవచ్చు, ఒప్పుకుంటే అద్దె పెంచమనీ అడగవచ్చు.

ఒప్పుకున్నాక దాన్ని అనుబంధ ఒప్పందంగా రాసి, అసలు లీజు రిజిస్టరైతే దీన్నీ రిజిస్టర్ చేయించాలి. ‘స్టేషనరీ’ తీసి ‘టిఫిన్ సెంటర్’ అని పెడితే ఏడాదికి మళ్లీ ఇదే తంటా రావచ్చు. ‘ఆహార పదార్థాల తయారీ, అమ్మకం, రిటైల్ వ్యాపారం’ అని కాస్త వెడల్పుగా రాసుకోవడం నయం. ఓనరు అనుమతితోనే అన్నీ తీరిపోవు. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు కొత్త వ్యాపారం పేరు మీద తీసుకోవాలి. ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, జీఎస్టీ వివరాలు మార్చాలి. చాలామంది మరిచిపోయేది అగ్నిప్రమాద బీమా. వ్యాపారం మారిన సంగతి కంపెనీకి చెప్పకపోతే, నిప్పంటుకున్న రోజున క్లెయిము తిరస్కరించవచ్చు.

లీజు ముగిసినప్పుడు పొగ గొట్టం రంధ్రం ఎవరు పూడ్చాలి, టైల్స్, సింకు ఎవరివి అన్నదీ ఆ అనుబంధంలోనే తేల్చుకోవాలి. అది రాసి లేకపోతే ఖాళీ చేసే రోజున ఓనరు ఆ ఖర్చునంతా అడ్వాన్సులోంచి మినహాయించుకుంటానంటాడు.