ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే...

జీతంలోంచి నెలనెలా కోసే టీడీఎస్ తుది పన్ను కాదు, ముందస్తు జమ మాత్రమే. ఏడాది మొత్తంలో ఎంత జీతం వస్తుందో యజమాని అంచనా వేసి, దానిపై పన్ను లెక్కగట్టి, నెలలకు పంచి కోస్తాడు. ఆ అంచనాకు ఆధారం అతని దగ్గరున్న వివరాలే. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే.

2025-26లో కొత్త పన్ను విధానంలో ఉన్న ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా హైదరాబాద్‌లోని ఒక సంస్థలో నెలకు 90,000 రూపాయల జీతం. ఏడాదికి 10.80 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 10.05 లక్షలు మిగులుతాయి. పన్ను వేసే ఆదాయం 12 లక్షలు దాటలేదు కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. అందుకే ఆ సంస్థ ఏమీ కోయలేదు.

అక్టోబర్‌లో మరో సంస్థలో నెలకు 1.60 లక్షల జీతంతో చేరాడు. పాత జీతం సంగతి చెప్పలేదు. కొత్త సంస్థకు తెలిసింది ఆరు నెలల 9.60 లక్షలే. అదీ మళ్లీ 75,000 తీసేసి, పన్ను లేదని తేల్చింది.

రిటర్ను వేసేటప్పుడు మాత్రం రెండు జీతాలూ కలుస్తాయి: 15 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే. మిగిలిన 14.25 లక్షలకు రిబేటు వర్తించదు. శ్లాబుల ప్రకారం పన్ను 93,750, దానిపై 4 శాతం సెస్సు 3,750. మొత్తం 97,500 రూపాయలు. ముందు జమ అయినది సున్నా కాబట్టి అంతా చేతి నుంచే కట్టాలి. ముందస్తు పన్ను వాయిదాలు కట్టనందుకు వడ్డీ అదనం. జూలైలో కడితే అది సుమారు 8,800 దాకా ఉంటుంది.

చేరిన వెంటనే ఫారం 12బి నింపి పాత జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త సంస్థకు ఇస్తే ఈ భారం ఉండదు. అదే 97,500ను మిగిలిన ఆరు నెలలకు పంచి, నెలకు 16,250 చొప్పున కోసేవారు. వడ్డీ పడేది కాదు. అప్పుడు ఇవ్వడం మరచినా, మార్చి 15లోగా ముందస్తు పన్నుగా మీరే కడితే వడ్డీ చాలావరకు తగ్గుతుంది.

రిటర్ను వేసే ముందు ఇద్దరు యజమానుల ఫారం-16లూ దగ్గర పెట్టుకుని, వాటిలోని టీడీఎస్‌ను ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఫారం 26ఏఎస్‌తో సరిచూడండి. జీతం చీటీలో కోత కనిపించి అందులో కనిపించకపోతే, మీ పేరున జమ ఇంకా చేరలేదన్నమాట. వెంటనే యజమానిని అడగండి. జమ పన్ను కంటే ఎక్కువుంటే తేడా రిఫండుగా మీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. తక్కువుంటే ఆ తేడా కట్టాకే రిటర్ను దాఖలు చేయండి.

ఉద్యోగం మారిన రోజునే పాత జీతం వివరాలు కొత్త సంస్థకు ఇవ్వండి.