శాఖ కొత్త భవనంలోకి మారాక ఫైలు మూసేముందు

శాఖ కొత్త భవనంలో పని మొదలుపెట్టినా కాంట్రాక్టరుతో లెక్క తేలినట్టు కాదు. ముగింపు చెక్‌లిస్టులో ముందుగా రాయాల్సింది పని పూర్తయిందని ఆర్కిటెక్టు ధ్రువీకరించిన తేదీ. ప్రారంభోత్సవం తేదీ కాదు. లోపాల బాధ్యత గడువును సాధారణంగా ఆ తేదీ నుంచే లెక్కిస్తారు.

ఉదాహరణకు ఇంటీరియర్ పని విలువ 20 లక్షలు, నిలిపి ఉంచే సొమ్ము 5 శాతం అనుకుందాం. అంటే లక్ష రూపాయలు. ఒప్పందంలో సగం తుది బిల్లుతో, మిగతా సగం 12 నెలల తర్వాత అని ఉందనుకుంటే, 2024 జూన్ 10న పూర్తయిన పనికి రెండో 50 వేలు 2025 జూన్ 9 దాటాకే చెల్లించాలి. ఈలోగా ఒక వానాకాలం గడుస్తుంది. సీలింగులో చెమ్మ బయటపడేది అప్పుడే. గడువుకు నెల ముందే శాఖంతా తిరిగి చూసి, లోపాలను కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. గడువు దాటాక రాసే ఉత్తరానికి బలం తక్కువ.

తుది బిల్లును కొలతల పుస్తకంతో సరిచూడాలి. టెండరులో లేని అదనపు పనికి ముందస్తు మంజూరు లేకపోతే బిల్లు ఆగేది అక్కడే.

అప్పగింతలో వారంటీ కార్డులు, తాళాలు అందరూ అడుగుతారు. వైరింగు నిజంగా ఎటు వెళ్లిందో చూపే చివరి డ్రాయింగు మాత్రం గోడకు డ్రిల్లు పెట్టే రోజున గాని గుర్తురాదు.

అనుభవాలను కూడా వివరంగా రాయాలి. ‘సమన్వయం లోపించింది’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ‘యూపీఎస్ గది తలుపులోంచి బ్యాటరీ ర్యాక్ పట్టలేదు’ అని రాస్తే తర్వాతి శాఖవారు డ్రాయింగు దశలోనే టేపు పట్టుకుంటారు.