సైబర్ అనలిస్ట్ రెజ్యూమేలో మాటెంత, పనెంత

సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌ను పరిశ్రమలో సాక్ అంటారు. సంస్థ కంప్యూటర్లలో ఏం జరుగుతోందో రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే విభాగమిది. అలర్ట్ వచ్చినప్పుడు అది నిజమైన దాడో, ఉత్త హడావిడో తేల్చి, నిజమైతే పై అంచెకు అందించడం మొదటి అంచె అనలిస్ట్ పని. ఈ ఉద్యోగానికి వచ్చిన రెజ్యూమేను ప్రకటన పక్కన పెట్టుకుని చదవాలి. విడిగా చదివితే ప్రతి రెజ్యూమే బాగానే కనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని ఒక సాక్ ఇచ్చిన ప్రకటన ఇలా ఉందనుకుందాం: స్ప్లంక్‌లో లాగ్‌లు వెతకడం రావాలి, విండోస్ లాగిన్ రికార్డులు చదవడం రావాలి, ఇన్సిడెంట్ రెస్పాన్స్ దశలు, మైటర్ అటాక్ తెలిసి ఉండాలి. క్లౌడ్, పైథాన్ ఉంటే మంచిది. ముందుగా తప్పనిసరి అంశాలను ఒక వరుసలో రాసి, ఒక్కోదాని ఎదుట రెజ్యూమేలో దానికి ఆధారమైన వాక్యాన్ని ఎత్తి రాయాలి. ‘నైపుణ్యాలు’ అనే పెట్టెలో పేర్చిన పేర్లు ఆధారం కిందికి రావు. క్లౌడ్ ఎదుట ఖాళీ ఉన్నా ఫర్వాలేదు. విండోస్ లాగిన్ల ఎదుట ఖాళీ ఉంటే ఆలోచించాల్సిందే.

‘అనేక ఇన్సిడెంట్లను హ్యాండిల్ చేశాను’ అన్న వాక్యం ఏమీ చెప్పదు. ఏ అలర్ట్ వచ్చింది, ఏ లాగ్‌లు చూశారు, ఏమని తేల్చారు, ఎవరికి అప్పగించారు అన్నవి ఉండాలి. పాత సంస్థ పేరు, అక్కడి దాడి వివరాలు రాయకపోవడం లోపం కాదు, గోప్యత పాటించడం. మొదటి అంచెలో ఏడాది పనిచేసి, రాన్సమ్‌వేర్‌ను ఒంటరిగా ఆపేశానని రాస్తే మాత్రం అనుమానించాలి. సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి తప్పించే నిర్ణయం సాధారణంగా పై అంచెది. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం నిర్దేశిత ఘటనలను గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. అందుకే ‘సమయాలతో టికెట్ రాసి పై అంచెకు పంపాను’ అన్న సాదా వాక్యానికే ఇక్కడ విలువ ఎక్కువ.

ఫ్రేమ్‌వర్క్‌ల పేర్లు రెజ్యూమేల్లో దండిగా ఉంటాయి. అవి పనిని వివరించే వాక్యంలో ఉన్నాయా, విడిగా వేలాడుతున్నాయా అన్నదే చూడాలి. ‘ఒకే పాస్‌వర్డ్‌ను చాలా ఖాతాలపై ప్రయత్నించారు, దీన్ని T1110.003గా గుర్తించాను’ అంటే మైటర్ అటాక్‌ను వాడినట్టే. ఇన్సిడెంట్ రెస్పాన్స్‌ను నాలుగు దశలుగా చెప్పేది నిస్ట్ 2012 నాటి మార్గదర్శిక. 2025లో వచ్చిన మూడో కూర్పు దాన్ని సైబర్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్ 2.0లోని ఆరు విధులకు అనుగుణంగా మార్చింది. అభ్యర్థి పాత దశలే రాసినా మార్కులు తగ్గించనక్కర్లేదు, చాలాచోట్ల ఇప్పటికీ అవే నేర్పుతున్నారు.

అనుభవం లేని అభ్యర్థికి ఊతం ల్యాబే. ‘ఇంట్లో ల్యాబ్ పెట్టాను, కాలీ లినక్స్ వాడాను’ అంటే ఇన్‌స్టాల్ చేశారని మాత్రమే తెలుస్తుంది. దీన్ని మరో అభ్యర్థి వాక్యంతో పోల్చాలి: ‘వర్చువల్ మెషీన్‌లోని విండోస్ సర్వర్ మీద రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా పాస్‌వర్డ్ దాడి చేసి, లాగ్‌లను స్ప్లంక్‌కు పంపి, 4625 ఘటనలను లెక్కించే అలర్ట్ రాశాను.’ విండోస్‌లో 4625 విఫలమైన లాగిన్, 4624 సఫలమైన లాగిన్. జత చేసిన గిట్‌హబ్ పేజీలో ఇలాంటి శోధన కనిపించవచ్చు:

```
index=wineventlog EventCode=4625
| stats count dc(TargetUserName) by IpAddress
```

ఒక్కో చిరునామా నుంచి ఎన్ని లాగిన్లు విఫలమయ్యాయో, ఎన్ని వేర్వేరు ఖాతాలను ప్రయత్నించారో ఇది లెక్కగడుతుంది. ఖాతా ఒక్కటే, ప్రయత్నాలు వందలు అయితే అది బ్రూట్ ఫోర్స్. ఖాతాలు చాలా, ఒక్కోదానిపై ప్రయత్నాలు కొద్ది అయితే పాస్‌వర్డ్ స్ప్రే. ఈ తేడా రాసిన అభ్యర్థి ఫలితాన్ని చదివినట్టు. ఆ తర్వాత అదే చిరునామా నుంచి 4624 వచ్చిందా అని కూడా వెతికి ఉంటే ఇంకా నయం, ఎందుకంటే దాడి ఫలించిందో లేదో చెప్పేది అదే.

ల్యాబ్ నిజంగా చేశారా, వీడియో చూసి రాశారా అన్నది చిన్న వివరాల్లో బయటపడుతుంది. రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్‌ను పుస్తకాలు రకం 10 అంటాయి. కానీ నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ ఆన్‌లో ఉంటే విఫల ప్రయత్నాలు సాధారణంగా రకం 3గా నమోదవుతాయి. నిజంగా చేసినవారు ఇక్కడ తికమకపడి ఉంటారు, ఆ తికమక నోట్స్‌లో కనిపిస్తుంది. నోట్స్‌లో అన్నీ తొలిసారే సవ్యంగా జరిగినట్టుంటే ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడగడం మేలు.

ల్యాబ్‌కూ హద్దుంది. అక్కడ దాడి తప్ప మరో అలికిడి ఉండదు. ఆఫీసులో పాస్‌వర్డ్ మార్చి ఫోన్‌లో పాతదే వదిలేసిన ఉద్యోగి కూడా 4625ల వరద తెస్తాడు. కాబట్టి అలర్ట్‌కు హద్దు సంఖ్య ఎలా ఎంచుకున్నారో, ఏ తప్పుడు అలర్ట్‌లను ఎలా తగ్గించారో ల్యాబ్ నోట్స్‌లో ఉందా అని చూడాలి. ఉంటే ప్రకటనలోని ‘విండోస్ లాగిన్’ వరుస నిండినట్టే. లేకపోతే సగం నిండినట్టు రాసుకుని, మిగతా సగాన్ని ఇంటర్వ్యూకు వదలాలి.